ఈసీజీ ఫొటోలో పీ, క్యూఆర్ఎస్, టీ వేవ్‌లను గుర్తుపట్టడం ఎలా?

ఫోన్‌లో ఈసీజీ ఫొటో తెరవగానే పన్నెండు ముక్కలుగా గీతలు కనిపిస్తాయి. అన్నింటినీ ఒకేసారి చూడబోతే ఏదీ అర్థం కాదు. చాలా ఈసీజీ కాగితాల్లో అడుగున, ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా సాగే పొడవాటి గీత ఒకటి ఉంటుంది. దాని మొదట్లో సాధారణంగా II అని ఉంటుంది. ముందు ఆ ఒక్క గీతనే చదవండి. పొడవాటి గీత లేని కాగితమైతే II అని రాసి ఉన్న ముక్కను తీసుకోండి.

1. ముందు కాగితం అంచు చూడండి

అంచున 25 mm/s, 10 mm/mV అని ఉందేమో వెతకండి. మొదటిది కాగితం కదిలిన వేగం. ఆ వేగంలో ఒక చిన్న గడి వెడల్పు 0.04 సెకన్లు, అలాంటి ఐదు చిన్న గడులు కలిసిన పెద్ద గడి 0.2 సెకన్లు. 50 mm/s అని ఉంటే అలలన్నీ రెట్టింపు వెడల్పుగా కనిపిస్తాయి. అది గమనించకుండా లెక్కవేస్తే గుండె వేగం సగమే వస్తుంది.

రెండోది ఎత్తుకు కొలత. గీత మొదట్లోనో చివర్లోనో గుమ్మం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. అది రెండు పెద్ద గడుల ఎత్తు ఉండాలి. ఒకే పెద్ద గడి ఉంటే, అలలను సగం ఎత్తుకు తగ్గించి ముద్రించారని అర్థం.

ఫోన్ తెర మీద స్కేలు పెట్టి కొలవకండి. ఫొటోతో పాటు గడులూ పెద్దవీ చిన్నవీ అవుతాయి కాబట్టి గడులనే లెక్కపెట్టాలి. చిన్న గడులు మసకబారితే ఆ ఫొటోతో వెడల్పులు తేల్చలేం, వెలుతురులో నిటారుగా మళ్లీ తీయించుకోవాల్సిందే.

2. క్యూఆర్ఎస్‌తో మొదలుపెట్టండి

పేర్ల వరసలో పీ ముందున్నా, కంటికి ముందు దొరికేది క్యూఆర్ఎస్. సూదిలా నిటారుగా లేచే మొన అదే. గుండె కింది గదుల్లోకి విద్యుత్తు పాకినప్పుడు ఇది పడుతుంది. పైకి లేచిన మొన ఆర్, దానికి ముందు కిందికి దిగితే క్యూ, తర్వాత దిగితే ఎస్. మూడూ కనిపించి తీరాలని లేదు. మొత్తం వెడల్పు మూడు చిన్న గడుల లోపే ఉండాలి. అంతకంటే విశాలంగా ఉంటే విద్యుత్తు మామూలు దారిలో కాక, అడ్డంకి వల్ల ఆలస్యంగానో పక్కదారిలోనో పాకుతోందని అనుమానించాలి.

3. వెనక్కి జరిగి పీ వెతకండి

క్యూఆర్ఎస్‌కు కాస్త ముందు చిన్న గుండ్రటి దిబ్బలా ఉండేది పీ వేవ్. ఇది పై గదులది. మనం చదువుతున్న II గీతలో మామూలుగా పైకే ఉంటుంది. పీ మొదలైన చోటు నుంచి క్యూఆర్ఎస్ మొదలైన చోటు దాకా మూడు నుంచి ఐదు చిన్న గడులు ఉండాలి. పై గదుల నుంచి కింది గదులకు సంకేతం దిగే ముందు పట్టే సమయం అది.

4. ముందుకు జరిగి టీ చూడండి

క్యూఆర్ఎస్ తర్వాత కొంత చదును, ఆపైన విశాలమైన గుండ్రటి అల. అదే టీ వేవ్, కింది గదులు మళ్లీ సిద్ధమయ్యే దశ. ఇది నెమ్మదిగా లేచి కాస్త త్వరగా దిగుతుంది.

పీని టీ అనుకోవడం, టీని పీ అనుకోవడం అందరికీ జరిగేదే. గుండె వేగంగా కొట్టుకున్నప్పుడు పీ వచ్చి ముందరి టీ మీద ఎక్కి కూర్చుంటుంది, అప్పుడు టీ మీద చిన్న బొడిపెలా మాత్రమే కనబడుతుంది.

ఒక గీతను చదివి చూద్దాం

ఒక ఆర్ మొన నుంచి పక్క ఆర్ మొనకు నాలుగు పెద్ద గడులు ఉన్నాయనుకోండి. 25 mm/s వేగంలో నిమిషానికి 300 పెద్ద గడులు నడుస్తాయి కాబట్టి 300ని 4తో భాగిస్తే గుండె వేగం నిమిషానికి 75. పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలుకు నాలుగు చిన్న గడులు, అంటే 0.16 సెకన్లు. క్యూఆర్ఎస్ వెడల్పు రెండు చిన్న గడులు, అంటే 0.08. టీ పైకే ఉంది. ప్రతి క్యూఆర్ఎస్ ముందూ ఒక పీ ఉంది, దూరాలన్నీ సమానం. లయ మామూలుగా ఉన్నట్టే.

ఆర్ మొనల మధ్య దూరం ఒక్కోచోట ఒక్కోలా ఉంటే 300 లెక్క పనికిరాదు. యాభై పెద్ద గడుల్లో, అంటే పది సెకన్లలో, ఎన్ని క్యూఆర్ఎస్‌లు ఉన్నాయో లెక్కపెట్టి 6తో గుణించండి. దూరాలు పద్ధతి లేకుండా మారుతూ, పీ అసలే కనబడక, క్యూఆర్ఎస్‌ల మధ్య గీత సన్నగా అలలాడుతుంటే, పై గదులు లయ తప్పి అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. అయితే చలికి వణికినా, చేతికి పెట్టిన క్లిప్పు వదులైనా గీత అలాగే గజిబిజిగా పడుతుంది. ఆ గజిబిజిలోనూ క్యూఆర్ఎస్‌లు సమాన దూరంలో నడుస్తుంటే ముందు వణుకునో క్లిప్పునో అనుమానించి, ఈసీజీ మళ్లీ తీయించడం మేలు.

ఈ ఒక్క గీత లయ గురించి చెబుతుంది కానీ గుండెపోటు లేదని చెప్పదు. పోటు ఆనవాళ్లు మిగతా ముక్కల్లో ఉండొచ్చు, మొదటి ఈసీజీలో అసలు పడకపోనూవచ్చు. ఛాతీ నొప్పి, చెమటలు, ఆయాసం ఉన్న మనిషి ఎదురుగా ఉంటే గడులు లెక్కపెట్టకుండా 108కి ఫోన్ చేయండి.