పేజ్ రీప్లేస్‌మెంట్, నాలుగో పాఠం: హిట్ దగ్గర తప్పే లెక్క

పోయిన పాఠం చివర ఒక వరస ఇచ్చి, మూడు ఫ్రేములతో, అంటే మెమరీలో మూడు పేజీలకే చోటుంటే, ముందొచ్చిన పేజీని ముందు తీసేసే ఫీఫో పద్ధతిలో ఎన్ని పేజ్ ఫాల్టులు వస్తాయో లెక్కపెట్టమన్నాను. వరస ఇది: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5. ఆదివారం పొద్దున్నే గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి ఒక బీటెక్ కుర్రాడు నోట్‌బుక్ పట్టుకుని వచ్చాడు. సమాధానం 10 అని రాశాడు. అసలు సమాధానం 9. ఒక్కటే కదా తేడా అనిపిస్తుంది గానీ, ఆ ఒక్కటి ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ పాఠం సగం అయిపోయినట్టే.

ముందు సరైన లెక్క చూద్దాం. కింద మొదటి వరుసలో అడిగిన పేజీలున్నాయి. దాని కింద మూడు వరుసల్లో ఆ క్షణానికి మెమరీలో ఉన్న పేజీలున్నాయి. అందరికంటే ముందొచ్చింది పైన, కొత్తగా వచ్చింది అడుగున. నక్షత్రం ఉంటే ఫాల్ట్, అంటే అడిగిన పేజీ మెమరీలో లేదు; చుక్క ఉంటే హిట్, అంటే ఉంది.

```
1  2  3  4  1  2  5  1  2  3  4  5

1  1  1  2  3  4  1  1  1  2  5  5
   2  2  3  4  1  2  2  2  5  3  3
      3  4  1  2  5  5  5  3  4  4

*  *  *  *  *  *  *  .  .  *  *  .
```

మొదటి మూడూ ఖాళీ ఫ్రేముల్లోకి వచ్చినవే. అవీ ఫాల్టులే, లెక్కలో కలపాలి. వీటిని వదిలేసి పరీక్షలో మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. నాలుగో గడిలో 4 వచ్చేసరికి చోటు లేదు కాబట్టి ముందొచ్చిన 1 బయటికి పోయింది. ఏడో గడి వరకూ ఇదే తంతు. ఎనిమిదో గడిలో 1 అడిగారు, అది మెమరీలోనే ఉంది. తొమ్మిదో గడిలో 2 కూడా అంతే. ఆ రెండు చోట్లా పై నిలువు గడి ఏమీ మారలేదు, గమనించండి.

మా కుర్రాడు మార్చింది అక్కడే. 1 హిట్ కాగానే దాన్ని తీసుకెళ్లి అడుగున పెట్టాడు. తర్వాత 2నీ అలాగే జరిపాడు. "ఇప్పుడే వాడుకున్నాం కదా సార్, అది కొత్తదైనట్టే కదా?" అన్నాడు. అనిపించడం సహజమే. వంటింట్లోంచి మా ఆవిడ పచ్చడి జాడీ తెచ్చి బల్ల మీద పెట్టిన టైమ్ అది. జాడీ మీద చీటీ అంటించి, పట్టిన తేదీ రాసి ఉంది. ఆ చీటీ చూపించి అడిగాను: "ఇవాళ ఇందులో గరిట పెడితే ఈ తేదీ మారుతుందా?" మారదు. ఫీఫో చూసేది ఆ చీటీనే. పేజీ లోపలికి వచ్చిన తేదీ ఒక్కటే దానికి కావాలి, ఎన్నిసార్లు వాడారన్నది దానికి పట్టదు. గరిట చివరిసారి ఎప్పుడు పెట్టారన్నది చూసేది ఎల్‌ఆర్‌యూ అనే ఇంకో పద్ధతి.

అంటే మా వాడు తప్పు చేయలేదు, పేరు మార్చుకున్నాడంతే. ఫీఫో అనుకుంటూ ఎల్‌ఆర్‌యూ చేశాడు, దానికి సరైన సమాధానం 10 తెచ్చాడు!

ఎల్‌ఆర్‌యూలో మొదటి ఏడు గడులూ ఫీఫోతో సమానమే, ఎందుకంటే అప్పటికి ఒక్క హిట్ కూడా లేదు. ఏడో గడి తర్వాత లోపల 1, 2, 5 ఉన్నాయి. 1, 2 హిట్ అయ్యాక వాడిన క్రమం 5, 1, 2గా మారింది. పదో గడిలో 3 కావాలి. వాడి ఎక్కువసేపైంది 5 కాబట్టి అది పోతుంది. ఫీఫో అయితే ఇక్కడ 1ని తీసేసింది. వరస చివరిదాకా చూడండి, 1 మళ్లీ రాదు, 5 మాత్రం పన్నెండో గడిలో వస్తుంది. ఫీఫోకి అక్కడ హిట్, ఎల్‌ఆర్‌యూకి ఫాల్ట్. ఎల్‌ఆర్‌యూ ఎప్పుడూ ఫీఫో కన్నా మెరుగనే మాట క్లాసుల్లో బాగా వినిపిస్తుంది. నిజం ప్రోగ్రాముల్లో చాలావరకు అలాగే ఉంటుంది కూడా, కానీ అది నియమం కాదు.

మూడోది ఆప్టిమల్. ఇది వెనక్కి కాకుండా ముందుకు చూస్తుంది: లోపలున్న వాటిలో అందరికంటే ఆలస్యంగా కావాల్సినదాన్ని తీసేస్తుంది. నాలుగో గడిలో 4 వచ్చినప్పుడు 1 మళ్లీ అయిదో గడిలో, 2 ఆరో గడిలో, 3 పదో గడిలో కావాలి. కాబట్టి 3 పోతుంది. దాంతో వెంటనే 1, 2 హిట్లు. ఏడో గడిలో 5 కోసం 4ని తీస్తాం, అది పదకొండు దాకా అక్కర్లేదు. మళ్లీ 1, 2 హిట్లు. పదో గడిలో 3 కోసం 1 గానీ 2 గానీ తీయొచ్చు, రెండూ ఇక రావు. పరీక్షలో ఏది తీసినా లెక్క మారదు, టెన్షన్ పడక్కర్లేదు. 5ని మాత్రం ముట్టుకోకూడదు. పదకొండులో 4కీ ఒక ఫాల్ట్, చివర 5 హిట్. మొత్తం 7.

ఈ వరసకి మూడు ఫ్రేములతో 7 కన్నా తక్కువ ఎవరూ తేలేరు. కానీ ముందు ఏ పేజీ వస్తుందో ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలియదు, అందుకే దీన్ని నడిపేవాళ్లుండరు. మిగతా పద్ధతులు ఎంత దూరంలో ఉన్నాయో కొలుచుకోడానికి గజంబద్దలా వాడతారు. కాగితం మీద మీకూ పనికొస్తుంది: మీ ఫీఫో లెక్క గానీ ఎల్‌ఆర్‌యూ లెక్క గానీ 7 కన్నా తక్కువ వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే.

కుర్రాడు వెళ్లబోతూ, "ఇంకో ఫ్రేమ్ ఇస్తే తగ్గుతాయి కదా సార్?" అన్నాడు. చెయ్యమన్నాను. నాలుగు ఫ్రేములతో ఫీఫో: మొదటి నాలుగు ఫాల్టులు, 1, 2 హిట్లు, అంతవరకూ బాగానే ఉంది. ఏడో గడిలో 5 వచ్చి, ఇప్పుడే వాడిన 1ని తోసేసింది. మరుసటి గడిలోనే 1 కావాల్సొచ్చి 2ని తోసింది. తర్వాత 2 వచ్చి 3ని, 3 వచ్చి 4ని, 4 వచ్చి 5ని. తర్వాతి గడిలో ఏది కావాలో సరిగ్గా దాన్నే ప్రతిసారీ బయటికి పంపుతోంది. చివరి ఆరూ ఫాల్టులే, మొత్తం 10. మెమరీ పెంచితే ఫాల్టులు పెరిగాయి! వాడు రెండుసార్లు చెరిపి మళ్లీ వేశాడు, 10 కదల్లేదు.

దీన్ని 1969లో బెలాడీ, నెల్సన్, షెడ్లర్ అనే ముగ్గురు ఒక వ్యాసంలో చూపించారు. అప్పటినుంచి దీనికి బెలాడీ అనామలీ అని పేరు. ఎల్‌ఆర్‌యూకి ఈ జబ్బు రాదు. మూడు ఫ్రేముల్లో ఉండేవి చివరగా వాడిన మూడు పేజీలు, నాలుగు ఫ్రేముల్లో ఉండేవి చివరగా వాడిన నాలుగు. ఆ మూడూ ఈ నాలుగులో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి అక్కడ హిట్ అయింది ఇక్కడా హిట్ అవుతుంది. ఫీఫోలో ఆ పూచీ లేదు. పై లెక్కలోనే ఎనిమిదో గడి చూడండి: మూడు ఫ్రేములతో 1 హిట్, నాలుగు ఫ్రేములతో ఫాల్ట్.

మరి అందరూ ఎల్‌ఆర్‌యూనే పెట్టుకోవచ్చు కదా అంటే, ప్రతి పేజీ చివరిసారి ఎప్పుడు వాడారో మెమరీని ముట్టుకున్న ప్రతిసారీ రాసుకోవాలి. అంత ఖర్చు ఎవరూ భరించరు. ప్రాసెసర్లు మామూలుగా ఇచ్చేది పేజీకి ఒక బిట్, దాన్ని ముట్టుకున్నారా లేదా అని. ఆ ఒక్క బిట్‌తో ఎల్‌ఆర్‌యూకి దగ్గరగా ఎలా వెళ్తారో, క్లాక్ పద్ధతి, వచ్చే పాఠంలో.

ఈలోగా ఇదే వరసకి నాలుగు ఫ్రేములతో ఎల్‌ఆర్‌యూ వేయండి. 8 రావాలి. 10 వచ్చిందంటే అయిదు, ఆరు గడుల్లో హిట్ అయిన 1, 2లను జరపకుండా వదిలేసి ఉంటారు, ఆ రెండు గడుల నుంచి మళ్లీ వేసుకురండి.