ఒత్తిడి వారంలో నిద్ర పట్టకపోతే: మాత్ర లేకుండా ఏమి చేయాలి?

మార్చి నెలాఖరు. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గర లెక్కలు చూసే మా బావమరిది సోమవారం రాత్రి ఫోన్ చేశాడు. "బావా, మూడు రాత్రులుగా నిద్ర లేదు. తొమ్మిదిన్నరకే మంచం ఎక్కుతున్నాను. దీపం ఆర్పడమే ఆలస్యం, జీఎస్టీ, బ్యాంకు వాయిదా, అమ్మ కంటి ఆపరేషన్ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. రెండింటికి గడియారం చూస్తాను, మూడుంబావుకు చూస్తాను. ఏదైనా మాత్ర చెప్పు."

మామూలుగా పదకొండుకు పడుకుని ఆరింటికి లేచే మనిషి. "మాత్ర సంగతి తర్వాత. ముందు తొమ్మిదిన్నరకు పడుకోవడం మానెయ్" అన్నాను. నిద్ర చాలనివాడిని ఆలస్యంగా పడుకోమంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. కౌన్సెలింగ్ కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లలో కూడా మొదట్లోనే సరేనన్నవారు తక్కువ.

ఒత్తిడి ఉన్న వారంలో రెండు మూడు రాత్రులు నిద్ర చెడడం జబ్బు కాదు. ముప్పు ఉందనుకున్న శరీరం కాపలా కాస్తుంది. ముప్పు దాటితే కాపలా మానుతుంది. ఈలోగా పోయిన నిద్రను రాబట్టుకోవాలని మనం చేసే పనులే చిక్కు తెస్తాయి. పెందలాడే పడుకుంటాం, పొద్దెక్కేదాకా లేవం, మధ్యాహ్నం గంటన్నర కునుకు తీస్తాం. నిద్రలేమిని మొదలుపెట్టే కారణాలు వేరు, దాన్ని కొనసాగించే అలవాట్లు వేరు అని ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1987లో తన సహచరులతో కలిసి వివరించారు. వారంలో పోవలసిన బాధ నెలల తరబడి ఎందుకు ఉండిపోతుందో ఆ ఒక్క మాటతో అర్థమవుతుంది.

ముందుగా లేచే వేళను బిగించండి

మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది ఎంత పోగైతే నిద్ర అంత బలంగా ముంచుకొస్తుంది. మనవాళ్లు "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నది దీని గురించే. పోగు చాలకుండా తొమ్మిదిన్నరకే పడుకుంటే, ఆకలి కాకుండా విస్తరి ముందు కూర్చున్నట్టే. ఖాళీగా ఉన్న ఆ గంటన్నరలోకి ఆలోచనలు వచ్చి చేరతాయి.

అందుకని మా వాడికి చెప్పింది ఇది. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఆరింటికి లేవాలి. అలారం చేతికి అందేచోట కాకుండా గది అవతలి మూల పెట్టాలి. లేవగానే ఓ ఇరవై నిమిషాలు డాబా మీదో వాకిట్లోనో వెలుతురులో ఉండాలి. రాత్రి పదకొండుకు ముందు మంచం ఎక్కకూడదు. పదకొండయినా నిద్ర మత్తు రాకపోతే వచ్చేదాకా ఆగాలి.

ఇక్కడ చాలామంది అలసటనూ నిద్ర మత్తునూ ఒకటే అనుకుంటారు. ఒళ్లు బరువుగా ఉండి, కళ్లు మాత్రం విప్పారి, తల వేడిగా ఉంటే అది అలసట. చదువుతున్న వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతూ, రెప్పలు వాలుతూ, కునికిపాట్లు పడుతుంటే అది నిద్ర. మంచం ఎక్కవలసింది రెండోది వచ్చినప్పుడే.

మొదటి ఒకటి రెండు రోజులు మధ్యాహ్నాలు మరీ మత్తుగా ఉంటాయి. పద్ధతి పనిచేయడం లేదని కాదు, పోగు పెరుగుతోందని అర్థం. అయితే ఆ రోజుల్లో బైకు మీద దూరం వెళ్లకండి. మా వాడు ఆఫీసుకు ఆ వారమంతా ఆటోలో వెళ్లాడు. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, బైపోలార్ సమస్య ఉన్నవారు మాత్రం నిద్ర వేళలు ఇలా కుదించకూడదు. వారికి నిద్ర తగ్గడమే ప్రమాదం, డాక్టరుతో మాట్లాడాలి.

ఆలోచనలకు సాయంత్రమే గంట కొట్టండి

పగలంతా పనిలో పడి తోసేసిన విషయాలన్నీ, ఎవరూ మాట్లాడని మొదటి క్షణంలో ముందుకొస్తాయి. ఆ క్షణం పక్క మీద వస్తోంది కాబట్టి దాన్ని ముందుకు జరపాలి. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య పావుగంట చాలు. పడుకునే గదిలో కాకుండా భోజనాల బల్ల దగ్గరో వసారాలోనో కూర్చుని, రూళ్ల పుస్తకంలో మూడు గళ్లు గీయాలి: విషయం, నేను చేయగల తర్వాతి పని, ఎప్పుడు.

మా వాడు మొదటి రోజు "జీఎస్టీ చూడాలి" అని రాశాడు. అది పని కాదు, దిగులుకు ఇంకో పేరు. మళ్లీ రాయించాను. రెండు కొనుగోలు బిల్లులు దొరకడం లేదు. రవాణా ఆఫీసుకు ఫోన్ చేసి నకళ్లు అడగాలి. బుధవారం ఉదయం పదింటికి. బ్యాంకు వాయిదా అయిదో తేదీన, ఖాతాలో ఎంత ఉందో చూసి, తగ్గితే అన్నయ్యను అడగాలి, గురువారం మధ్యాహ్నం.

మూడోది అంత తేలిగ్గా తెమలలేదు. "అమ్మ ఆపరేషన్‌లో ఏమైనా అయితే?" దీనికి రెండో గడిలో రాయడానికేమీ లేదు. ఇలాంటి దాన్ని రెండుగా చీల్చాలి. చేయగలిగిన ముక్క ఒకటుంది: షుగర్ రిపోర్టు, ఆమె వాడే మందుల చీటీ సంచిలో పెట్టడం, శుక్రవారం రాత్రి. మిగిలిన ముక్కకు ఎదురుగా "ఇప్పుడు చేయదగింది లేదు, రేపు ఆరున్నరకు మళ్లీ చూస్తాను" అని రాసి పుస్తకం మూసేయాలి. ఆ చివరి మాట ఉత్తినే రాసినట్టుంటుంది కానీ, రాత్రి ఒంటిగంటకు అదే ఆలోచన వచ్చినప్పుడు "నీ పేరు పుస్తకంలో ఉంది, రేపు రా" అని చెప్పడానికి అక్కరకొస్తుంది.

అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకుల మీద చేసిన ఒక ప్రయోగం 2018లో ప్రచురితమైంది. పడుకునే ముందు అయిదు నిమిషాలు, రాబోయే రోజుల్లో చేయవలసిన పనులు రాసినవారు, అయిపోయిన పనులు రాసినవారికంటే సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. తొమ్మిది నిమిషాలు పెద్ద లెక్క కాదు. గమనించవలసింది మరొకటి: జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా నిద్ర పట్టింది. మా వాడితో రెండోసారి రాయించింది అందుకే. వాళ్లు పడుకునే ముందు రాయించారు, నేను సాయంత్రమే రాయమంటాను. ఒత్తిడిలో ఉన్న మనిషి పదిన్నరకు పుస్తకం తెరిస్తే లెక్కలు చేయడం మొదలుపెడతాడు, పావుగంట కాస్తా గంట అవుతుంది.

పక్క మీద ఆలోచనలు పరుగెడుతుంటే

ఆలోచనలు ఆపాలని ప్రయత్నించకండి. ఆపాలనుకోవడమూ ఒక పనే, దానికీ మెలకువ కావాలి. వాటి చోటులో పనికిరాని బొమ్మలు పెట్టండి. కెనడాకు చెందిన లూక్ బోడ్వాన్ అనే పరిశోధకుడు చెప్పిన పద్ధతి ఇది. మన అక్షరాలతో ఇంకా హాయిగా కుదురుతుంది. మూడక్షరాల మాట ఒకటి తీసుకోండి, పనస అనుకుందాం. ప తో మొదలయ్యే వస్తువులు ఒక్కొక్కటే తలచుకోండి: పడవ, పలక, పందిరి, పకోడి. ప్రతిదాన్నీ నాలుగైదు సెకన్లు కళ్లారా చూడండి, పలక చెక్క అంచు, మూల విరిగిన చోటుతో సహా. మాటలు అయిపోతే న కు వెళ్లండి: నత్త, నక్క, నవ్వారు మంచం. తర్వాత స. బొమ్మల మధ్య కథ కట్టకూడదు, ఆఫీసు వస్తువులు రాకూడదు. మా వాడికి ప తో మొదట వచ్చింది "పన్ను", అదీ ఆదాయపు పన్ను. నవ్వుకుని వదిలేసి పక్క మాటకు వెళ్లమన్నాను.

ఈ పద్ధతికి పైవాటికి ఉన్నంత పరిశోధన బలం లేదు. కొందరికి రెండో అక్షరం రాకముందే నిద్ర పడుతుంది, కొందరికి అసలు పనిచేయదు.

పనిచేయకపోతే లేవండి

ఇరవై నిమిషాలు దాటిందనిపించినా, "ఇంకా నిద్ర రాలేదే" అన్న చిరాకు మొదలైనా పక్క మీంచి లేచి వెళ్లిపోవాలి. రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1972లో ప్రతిపాదించిన నియమం ఇది, నేటికీ నిద్రలేమి చికిత్సలో ముఖ్య భాగం. మంచం అంటే దొర్లే చోటు అని మెదడు నేర్చుకోకుండా చేయడమే దీని పని. ఇరవై నిమిషాలూ అంచనాయే, గడియారం చూడకూడదు. గోడ గడియారాన్ని ఆ వారానికి హాల్లోకి మార్చండి. "ఇప్పుడు పడుకున్నా మూడు గంటలే మిగిలింది" అన్న కూడికలు తీసివేతలు చేసినవాడెవడికీ ఆ మూడు గంటలూ దక్కవు.

లేచి ఏం చేయాలి? మసక వెలుతురులో, చేతులకు పని ఉండి, బుర్రకు లేనిది. మా వాడు వంటింట్లో పీట మీద కూర్చుని వెల్లుల్లి ఒలిచాడు. రెండు రాత్రుల్లో ఒక డబ్బా నిండింది, మా అత్తగారు సంతోషించారు. బట్టలు మడతపెట్టవచ్చు, పాత వారపత్రిక తిరగేయవచ్చు. ఫోను, టీవీ, ఆఫీసు పని మాత్రం వద్దు. "ఎలాగూ మెలకువే కదా, ఆ పట్టిక పూర్తి చేద్దాం" అని ఒక్క రాత్రి కూర్చుంటే, మరునాడు అదే వేళకు మెదడు లేచి కూర్చుంటుంది. ఒకే గది ఇల్లయితే, పిల్లలు పక్కనే పడుకుంటే, ఆ గదిలోనే వేరే మూల చాప వేసుకుని కూర్చున్నా చాలు. రెప్పలు వాలాక తిరిగి పక్క మీదికి. రాత్రిలో రెండు మూడుసార్లు ఇలా లేవవలసి రావచ్చు.

పగటి సంగతి

కాఫీ పూర్తిగా మానితే తలనొప్పి వస్తుంది, ఆ వారంలో అదొకటి అక్కర్లేదు. వేళ మార్చండి. కెఫీన్ సగం తగ్గడానికి చాలామందిలో సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరున్నర టీలోని సగం, పదకొండున్నరకూ ఒంట్లోనే ఉంటుంది. మా వాడు లెక్కపెడితే రోజుకు ఆరు టీలు తేలాయి, చివరిది ఆరున్నరకే. ఒంటిగంట తర్వాత మజ్జిగకు మారాడు. మరీ తూలుతుంటే మధ్యాహ్నం మూడులోపు ఇరవై నిమిషాల కునుకు, అలారం పెట్టుకుని. మద్యం తాగితే త్వరగా నిద్ర పడుతుంది కానీ తెల్లవారుజామున విరిగిపోతుంది. జలుబు మాత్రో దగ్గు సిరప్పో వేసుకుని పడుకోవడం నిద్ర మాత్రకు దొడ్డిదారి మాత్రమే. ఇప్పటికే డాక్టరు రాసిన నిద్ర మాత్రలు వాడుతున్నవారు ఇది చదివి హఠాత్తుగా ఆపకండి.

ఒత్తిడి తీరాక కూడా మూడు నాలుగు వారాలు నిద్ర కుదరకపోయినా, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవారు చెప్పినా డాక్టరును కలవాలి. నిద్ర లేకపోయినా అలసట లేకుండా విపరీతమైన ఉత్సాహం ఉంటే ఇంకా త్వరగా వెళ్లాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగవద్దు. ఇంట్లోవారిని లేపండి, ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరుకు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

మా వాడికి మంగళవారం రాత్రి నాలుగు గంటల నిద్ర కూడా లేదు. బుధవారం సుమారు నాలుగున్నర. గురువారం ఒకసారి లేచి వెల్లుల్లి ఒలిచి, పడుకుని, అలారం మోగేదాకా లేవలేదు. శనివారం ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి నుంచే ఫోన్ చేశాడు. "అమ్మ బాగుంది బావా. రేపు ఆదివారం కదా, ఎనిమిదింటిదాకా పడుకోనా?"

"ఆరున్నర దాకా" అన్నాను.