‘షొక్కాన్’ అంటే తింటూ కాదు

అన్నగారూ, క్యోటోలో ఆ రాత్రి మీరు పలకకపోతే నాన్నకు మందు అన్నం మధ్యలోనే వేసేవాణ్ణి. ఆసుపత్రి కాగితంలో రెండు జపనీస్ కంజీ అక్షరాలు: ఒకటి భోజనం, రెండోది మధ్య. తింటూ వేయాలేమో అనుకున్నా. దాన్ని ‘షొక్కాన్’ అంటారని, రెండు భోజనాల మధ్య, అంటే తిన్న సుమారు 2 గంటలకు వేయాలని మీరే చెప్పారు.

ఆ కాగితాన్ని మీకు తీసి పంపిన మొదటి ఫోటోలో ఫ్లాష్ మెరుపు సరిగ్గా ఆ వరుస మీదే పడింది. మడతలు సాపు చేసి, ఫ్లాష్ ఆపి, నాలుగు మూలలూ కనిపించేలా మళ్ళీ తీయమన్నారు. ‘నేను చదివానంతే, వేసేముందు మందుల షాపులో అడగండి’ అన్నారు చూడండి, అక్కడే సగం టెన్షన్ తగ్గింది. పొద్దున ఫార్మసిస్టు ఖాళీ గిన్నె చూపినట్టు సైగ చేసి, రెండు వేళ్ళు ఎత్తాడు.

నాన్న ఇప్పుడు పెసరట్టు అడుగుతున్నారు.