ఆఖరి ఈఎంఐ కట్టేశాక చెన్నైలో ఎంఓడీ రద్దు చేయించుకుని ఒరిజినల్ పేపర్లు తెచ్చుకోవడం ఎలా

ఇంటి లోన్ తీరిపోయింది, బ్యాంకు వాళ్ళు ఎన్‌ఓసీ ఇచ్చేశారు, ఇంక అయిపోయిందనుకుని ఆ కాగితం బీరువాలో పెట్టేసినవాళ్ళు మా మడిపాక్కం అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురున్నారు. అందులో ఒకాయన నాలుగేళ్ళ తర్వాత ఫ్లాట్ అమ్మబోతే, కొనేవాళ్ళ లాయర్ ఆ ఫ్లాట్ మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, అదే ఈసీ, తీసి "ఇది ఇంకా బ్యాంకు తాకట్టులోనే ఉంది కదండీ" అన్నాడట. ఆయన ఎన్‌ఓసీ చూపించాడు, లాయర్ తల అడ్డంగా ఊపాడు. అది విన్నాకే మా లోన్ తీరేటప్పటికి నేను కొంచెం జాగ్రత్తపడ్డాను, అయినా రెండు చోట్ల దెబ్బ తినబోయాం, అందుకే వివరంగా రాస్తున్నా.

అసలు మన తాకట్టు మూడు చోట్ల ఉంటుంది. ఒకటి, పేపర్లు బ్యాంకు దగ్గర. రెండు, సెర్సాయ్ అని దేశం మొత్తానికీ ఒక తాకట్టుల రిజిస్ట్రీ ఉంది, అందులో మన ఫ్లాట్ మీద బ్యాంకు పేరు. మూడు, ఇదే మనవాళ్ళు మర్చిపోయేది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన ఎంఓడీ, అంటే ఒరిజినల్స్ బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నామని రాసిచ్చిన దస్తావేజు. ఎన్‌ఓసీ అనేది బ్యాంకు మనకిచ్చిన ఉత్తరం మాత్రమే, దాన్ని చూసి ఈ రెండు రిజిస్టర్లూ వాటంతట అవే మారవు.

ముందు లోన్ నిజంగా మూసుకుందో లేదో చూసుకోవాలి. మాది 120 నెలల లోన్, 120వ ఈఎంఐ 2024 ఏప్రిల్ 5న పడింది. మా ఆయన ఆ రోజే స్వీట్ బాక్స్ తెచ్చారు. వారం తర్వాత స్టేట్‌మెంట్ తీస్తే ఇంకా 1,386 రూపాయలు బాకీ చూపిస్తోంది. మధ్యలో వడ్డీ రేటు ఎన్నిసార్లు మారిందో, అన్నిసార్లూ ఈఎంఐ అంతే ఉంచి లెక్క అటూ ఇటూ చేస్తూ వచ్చారు, ఆ తేడా చివర్లో మిగిలింది. అది ఎవరూ ఫోన్ చేసి చెప్పరు, అది ఉన్నంతవరకు అకౌంట్ క్లోజ్ అవ్వదు, వడ్డీ కూడా పడుతూ ఉంటుంది. ఏప్రిల్ 12న బ్రాంచికెళ్ళి అది కట్టేసి, బ్యాలెన్స్ సున్నా అని ఉన్న స్టేట్‌మెంటూ క్లోజర్ లెటరూ అడిగి తీసుకున్నాం. ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్ అయితే ఇంకో మెలిక, బాకీ సున్నా అయినా లిమిట్ అలాగే తెరిచి ఉంటుంది, మూసెయ్యమని మనమే రాసివ్వాలి.

ఈ క్లోజింగ్ తేదీ మీద ఎందుకింత పట్టుబడుతున్నానంటే, గడియారం తిరగడం మొదలయ్యేది అప్పటినుంచే. ఆర్బీఐ 2023 సెప్టెంబర్ 13న ఒక సర్క్యులర్ ఇచ్చింది, అదే ఏడాది డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ డాక్యుమెంట్లు అన్నీ తిరిగివ్వాలి, ఏ రిజిస్ట్రీలో ఛార్జ్, అంటే తాకట్టు హక్కు, ఉన్నా తీయించాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మనకి కట్టాలి. పేపర్లు లోన్ నడిచిన బ్రాంచిలో తీసుకోవాలా, అవి ఉన్న వేరే ఆఫీసులోనా అన్నది కూడా మన ఇష్టమే. ఆలస్యం మన వల్ల అయితే మాత్రం ఈ డబ్బులు రావు, కాబట్టి నోటిమాటగా అడగొద్దు. లోన్ నంబర్, క్లోజ్ అయిన తేదీ, పేపర్లు ఏ బ్రాంచిలో కావాలో రాసి మెయిల్ పెట్టండి, బ్రాంచిలో ఇచ్చే కాపీ మీద సీలూ తేదీ వేయించుకోండి. సెర్సాయ్‌లో ఛార్జ్ తీసినట్టు రుజువు, ఎంఓడీ రద్దుకి సంతకం పెట్టే ఆఫీసర్ కావాలన్న మాట కూడా అదే లెటర్లో పెట్టేయండి, మళ్ళీ మళ్ళీ తిరగక్కర్లేదు.

పేపర్లు మన బ్రాంచిలో ఉంటాయనుకోకండి, చాలా బ్యాంకులు వేరే ఊర్లో స్టోరేజీలో పెడతాయి, అక్కడినుంచి తెప్పించాలి. మాకు మే 6న రమ్మని ఫోన్ వచ్చింది. లోన్ ఇద్దరి పేరు మీద కాబట్టి ఇద్దరం ఆధార్, పాన్ పట్టుకెళ్ళాం (ఒకరు దేశంలో లేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ అడుగుతారు, అది ముందే చూసుకోవాలి). కూర్చోగానే బ్యాంకు అమ్మాయి ఒక ఫారం ముందుకి తోసి సంతకం పెట్టమంది, అందులో "పేపర్లన్నీ సరిగ్గా అందాయి" అని ఉంది. నేను పదేళ్ళనాటి లిస్టు ఇంటినుంచి తీసుకెళ్ళాను, పేపర్లు తీసుకున్నప్పుడు బ్యాంకే సీలు వేసి ఇచ్చింది, మొత్తం 11 ఐటమ్స్. ఒక్కొక్కటీ తీసి టిక్ పెట్టుకుంటూ వచ్చాం. మా సేల్ డీడ్ ఉంది, కన్‌స్ట్రక్షన్ అగ్రిమెంట్ ఉంది, ఒరిజినల్ ఎంఓడీ ఉంది, తొమ్మిదోది 1987 నాటి మూలపత్రం, అంటే ముందటి యజమానుల దస్తావేజు, మాత్రం జిరాక్స్! లిస్టులో ఒరిజినల్ అని స్పష్టంగా రాసుంది. స్టాంప్ పేపర్ వెనక వేలు పెట్టి తడిమితే ఒరిజినల్‌కి సీలు ఒత్తుడు తెలుస్తుంది, ఇంకు కాస్త అవతలికి దిగి కనిపిస్తుంది, జిరాక్స్ వెనక నున్నగా తెల్లగా ఉంటుంది. పేజీల సంఖ్య కూడా లెక్కపెట్టండి, ప్రతి షీట్ వెనక ఎన్నో షీట్ అని ఆఫీసు వాళ్ళు రాసుంటారు.

"మిగతా పది తీసుకెళ్ళండి మేడమ్, అదొక్కటి వచ్చాక ఫోన్ చేస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అంది. పది తీసుకున్నాం, కానీ సంతకం పక్కన పెన్నుతో "ఐటమ్ 9 ఒరిజినల్ అందలేదు, జిరాక్స్ మాత్రమే" అని రాసి, తేదీ వేసి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నా. ఆ ఒక్క లైనే మమ్మల్ని కాపాడింది.

ఆ మూలపత్రం జూన్ 3న వచ్చింది, స్టోరేజీలో వేరే వాళ్ళ ఫైల్లో దొరికిందట. ఏప్రిల్ 12 నుంచి 30 రోజులంటే మే 12. అక్కడినుంచి జూన్ 3కి 22 రోజులు, రోజుకి 5,000 చొప్పున 1,10,000. మేనేజర్ "మే 6నే ఇచ్చేశాం కదమ్మా" అన్నాడు, నేను ఫొటో చూపించి, సర్క్యులర్లో ఉన్నది కొన్ని కాదు అన్నీ అని రాసి ఫిర్యాదు పెట్టాను. ఐదు వారాలకి అకౌంట్లో పడ్డాయి. పడకపోతే ఏం చెయ్యాలంటే, బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూసి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. పేపరు నిజంగానే పోతే, డూప్లికేట్ లేదా సర్టిఫైడ్ కాపీ తెప్పించే ఖర్చు బ్యాంకుదే, కాకపోతే అప్పుడు వాళ్ళకి ఇంకో 30 రోజులు టైమ్ ఇస్తారు, రోజుకి 5,000 లెక్క 60 రోజులు దాటాకే మొదలవుతుంది.

సెర్సాయ్ పని మనం చేసేది కాదు, బ్యాంకే చెయ్యాలి. తీశారో లేదో మాత్రం cersai.org.in లో పబ్లిక్ సెర్చ్‌కి వెళ్ళి చిన్న ఫీజు కట్టి మనమే చూసుకోవచ్చు. వెతుకులాట తగ్గాలంటే బ్యాంకు దగ్గర సెక్యూరిటీ ఇంటరెస్ట్ ఐడీ అడిగి పెట్టుకోండి.

ఇంక ఎంఓడీ. తమిళనాడులో దీనికి చేసేది రసీదు దస్తావేజు. "మా బాకీ మొత్తం ముట్టింది, ఈ తాకట్టు తీరింది" అని బ్యాంకు రాసిచ్చేది, మనం రాయించుకునేది. అందుకే మనం ఒక్కళ్ళమే వెళ్ళి చేసుకోలేం, బ్యాంకు తరఫున అధికారం ఉన్న ఆఫీసర్ సబ్ రిజిస్ట్రార్ ఎదుటికి వచ్చి సంతకం, వేలిముద్ర పెట్టాలి. కష్టమంతా ఆయన డేట్ దొరకడంలోనే. ఎంఓడీ ఏ ఆఫీసులో రిజిస్టరైందో అక్కడికే వెళ్ళండి, ముందు ఆయన డేట్ ఖాయం చేసుకుని తర్వాత tnreginet.gov.in లో టోకెన్ తీసుకోండి, మేం తిరగేసి చేసి ఒక టోకెన్ పోగొట్టుకున్నాం.

పోర్టల్లో లాగిన్ అయ్యి దస్తావేజు రకం రసీదు అని పెట్టి, రాసిచ్చేవాళ్ళు బ్యాంకు, రాయించుకునేవాళ్ళు మనం అని నింపి, ఆస్తి వివరాలు, ముందటి దస్తావేజు నంబర్ ఇవ్వాలి. ఫీజు అదే లెక్కకట్టి చూపిస్తుంది, ఆన్‌లైన్లో కట్టెయ్యొచ్చు. ఏజెంట్ చెప్పే మొత్తంలో ఏది ఫీజో ఏది ఆయన చేతికూలో తెలియాలంటే ఆ స్క్రీన్ ఒకసారి చూడండి. దస్తావేజు రైటర్ చేత చేయించినా పర్లేదు, మేమూ అదే చేశాం, నా తమిళం బస్సు బోర్డులు చదివేంతే. కానీ డ్రాఫ్ట్ వాట్సాప్‌లో పంపినప్పుడు అంకెలు మాత్రం ఒరిజినల్ ఎంఓడీ పక్కన పెట్టుకుని చూశా. మా ఎంఓడీ నంబర్ 4127/2014, ఆయన 4172/2014 అని కొట్టాడు. అలాగే రిజిస్టరైపోయుంటే మా ఫ్లాట్ ఎంఓడీకి రసీదు లేనట్టే, మళ్ళీ సవరణ దస్తావేజు, మళ్ళీ ఆ ఆఫీసర్ డేట్, దేవుడా.

ఆ రోజుకి ఒరిజినల్ ఎంఓడీ, ఎన్‌ఓసీ, మా ఆధార్ కార్డులు, ఇద్దరు సాక్షులు వాళ్ళ ఐడీలతో, బ్యాంకు ఆఫీసర్ తన ఐడీ, అధికార పత్రంతో. లోపల పని ఇరవై నిమిషాలు, బయట బెంచీ మీద మూడు గంటలు.

వారం తర్వాత పోర్టల్లో ఈసీ చూడండి, ఆన్‌లైన్లో చూసుకోవడానికి డబ్బులు అక్కర్లేదు. ఎంఓడీకి ముందు ఏడాదినుంచి ఇవాళ్టిదాకా తేదీలు ఇవ్వండి. ఇక్కడ చాలామంది కంగారుపడతారు, మా ఆయనా పడ్డారు, ఎందుకంటే ఎంఓడీ లైన్ పోలేదు! అది పోదు. ఈసీ అంటే జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, జరిగింది జరగనట్టు చెయ్యరు. దాని కింద కొత్తగా రసీదు లైన్ వచ్చి ఉంటుంది, రాసిచ్చినవాళ్ళ గడిలో బ్యాంకు పేరు, రాయించుకున్నవాళ్ళ గడిలో మన పేర్లు, ముందటి దస్తావేజు నంబర్ గడిలో 4127/2014. కొనేవాళ్ళ లాయర్ వెతికేది ఆ గడినే. ఆ రసీదునీ, ఒరిజినల్ ఎంఓడీనీ కలిపి ఒకే కవర్లో సేల్ డీడ్ వెనక పెట్టాం. మూడో అంతస్తాయన మాత్రం ఇంకా బ్యాంకు ఆఫీసర్ డేట్ కోసం తిరుగుతూనే ఉన్నాడు, ఆయన లోన్ బ్రాంచి మధ్యలో వేరే బ్రాంచిలో కలిసిపోయిందట.