పరిశోధనా పత్రాన్ని డిపార్ట్‌మెంట్ న్యూస్‌లెటర్‌కి చిన్న కథనంగా రాయడం ఎలా?

న్యూస్‌లెటర్‌లో మనకు దొరికేది మహా అయితే ఒక పేజీ. పత్రం మొత్తాన్ని అందులో ఇరికిస్తే అది కథనం కాదు, సారాంశం అవుతుంది. పత్రంలోంచి ఒక్క ఫలితాన్ని ఎంచుకుని, దాన్నే తీరిగ్గా చెప్పాలి.

2018లో రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్ పత్రికలో ద్రావిడ భాషల వయసు మీద ఒక పత్రం వచ్చింది. దాన్ని భాషాశాస్త్ర శాఖ న్యూస్‌లెటర్‌కి రాస్తున్నామనుకుందాం.

ముందు సారాంశం, చర్చ భాగాలు చదవండి. తర్వాత పత్రం మూసేసి, క్యాంటీన్‌లో వేరే శాఖ స్నేహితుడికి చెప్తున్నట్టు ఒక వాక్యం రాయండి: "ద్రావిడ భాషా కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లు." దాని కిందే, పత్రం చెప్పనిదేమిటో కూడా రాసుకోండి. ఇక్కడైతే "తెలుగు వయసు 4,500 ఏళ్లు" అని పత్రం ఎక్కడా అనలేదు. ఆ లెక్క ఈ భాషలన్నింటికీ తల్లి అయిన మూలభాష చీలడం మొదలైన కాలానిది. తెలుగు విడిగా రూపుకట్టింది ఆ తర్వాతే. శీర్షిక ఆకర్షణీయంగా ఉండాలన్న తొందరలో తప్పు దొర్లేది సరిగ్గా ఇక్కడే. అందుకే నేను శీర్షిక చివర్లో పెడతాను.

ఇక మొదలుపెట్టడం. పత్రం పాత పరిశోధనలతో మొదలవుతుంది, మీరు అలా మొదలుపెట్టకండి. పాఠకుడికి ముందు మాటలు చూపించండి. మన "కన్ను" తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు. వినగానే చుట్టరికం తెలిసిపోతుంది. అదే "కుక్క" దగ్గరికి వచ్చేసరికి తమిళులు నాయ్ అంటారు, కన్నడిగులు నాయి అంటారు, మన మాట వేరు. పరిశోధకులు 20 భాషల్లో, ఆ భాషలు మాట్లాడేవాళ్ల దగ్గరే ఇలాంటి మాటలు సేకరించారు. ఉదాహరణ మీరు సొంతంగా తెచ్చుకున్నదైతే, అది సరైనదేనా అని రచయితను తప్పక అడగండి.

పద్ధతికి మూడు వాక్యాలు చాలు. "బేసియన్" అన్న మాట లేకుండానే చెప్పొచ్చు: ఏ మాటలు చుట్టాలో గుర్తించారు. ఆ సమాచారంతో కంప్యూటర్ వేలకొద్దీ వంశవృక్షాలు గీసింది. వాటిలో ఎక్కువ వృక్షాలు ఒప్పుకున్న చీలికను ఎక్కువ నమ్మారు.

చోటు చాలకపోతే పద్ధతిలో ఒక వాక్యం తీసేయండి గానీ, పరిమితిని మాత్రం తీయకండి. ఈ భాషా కుటుంబంలోని పెద్ద శాఖల్లో ఏది దేనికి దగ్గరో తేల్చడంలో చాలా అనిశ్చితి ఉందని ఈ పత్రమే ఒప్పుకుంది. "సుమారు" అన్న ఒక్క మాట ఎగిరిపోయినా అర్థం మారిపోతుంది. ఎడిటింగ్ అయ్యాక అది ఉందో లేదో మళ్లీ చూసుకోండి.

చివరగా రచయితకు పంపేటప్పుడు "ఎలా ఉంది?" అని అడగొద్దు. అలా అడిగితే పత్రంలోని పదజాలమంతా తిరిగొచ్చేస్తుంది. "ఈ నాలుగు వాక్యాల్లో తప్పుందా?" అని ఆ వాక్యాలకు గీత గీసి, గడువు తేదీ రాసి పంపండి.