లెక్కలో వచ్చిన బరువు కాటా మీద బరువుతో కలవకపోతే

ఒక మైల్డ్ స్టీల్ ఫ్లాంజ్ తీసుకుందాం. ఫ్లాంజ్ వ్యాసం 120 మి.మీ., మందం 20. దాని మీద 60 వ్యాసం ఉన్న హబ్. భాగం మొత్తం పొడవు 60. మధ్యలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా 30 బోర్, ఫ్లాంజ్‌లో 12 మి.మీ. బోల్టు రంధ్రాలు నాలుగు. తయారైన భాగం కాటా మీద 2.26 కిలోలు తూగింది.

సమస్య: లెక్కలో 9 కిలోలు వచ్చింది

సరిగ్గా నాలుగు రెట్లు తేడా ఉందంటే వ్యాసార్థం వేయాల్సిన చోట వ్యాసం వేశారన్నమాట. డ్రాయింగ్‌లో దాదాపు ఎప్పుడూ వ్యాసమే ఇస్తారు కాబట్టి π/4 × D² సూత్రమే వాడండి, సగం చేసే పనే ఉండదు. తేడా పది, వంద, వెయ్యి రెట్లలో ఉంటే తప్పు యూనిట్లలో ఉంది. కొలతలన్నీ ముందే సెం.మీ.లోకి మార్చుకుంటే ఈ చిక్కు రాదు.

సమస్య: లెక్కలో 2.70 కిలోలు వచ్చింది

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. తేడా పెద్దది కాదు కాబట్టి డ్రాయింగ్ టాలరెన్స్ వల్లేమో అనుకుంటారు. కాదు. 120 వ్యాసంలో 0.1 మి.మీ. తేడా వస్తే ఫ్లాంజ్ బరువు 0.2 శాతం కూడా మారదు. అంచున 1 మి.మీ. ఛాంఫర్ తీసేది గ్రామున్నర మాత్రమే.

తేడాని సాంద్రతతో భాగించి చూడండి: 440 గ్రాములు ÷ 7.85 = సుమారు 56 ఘన సెం.మీ. ఇప్పుడు డ్రాయింగ్‌లో అంత ఘనపరిమాణం ఉన్న ముక్క ఎక్కడుందో వెతకాలి. 6 సెం.మీ. వ్యాసం, 2 సెం.మీ. పొడవు ఉన్న సిలిండర్ 56.5 అవుతుంది. అంటే హబ్ పొడవు 60 అని వేశారు, ఫ్లాంజ్ మందంలో ఉన్న లోహం రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. హబ్ ఫ్లాంజ్ పైన నిలబడేది 40 మాత్రమే. బోర్‌కి మాత్రం పూర్తి 60 తీసుకోవాలి, అది రెండింటి గుండా పోతుంది.

సరైన లెక్క, ఘన సెం.మీ.లో:

```
ఫ్లాంజ్    π/4 × 12² × 2        = 226.2
హబ్      π/4 × 6² × 4         = 113.1
బోర్      π/4 × 3² × 6         = −42.4
రంధ్రాలు  4 × π/4 × 1.2² × 2   =  −9.0
మిగిలింది                       287.9
287.9 × 7.85 = 2260 గ్రాములు
```

సమస్య: లెక్క సరైనదే, కాటా మీద 2.07 కిలోలే ఉంది

కొలతలు భాగం మీద కూడా సరిపోతే, మెటీరియల్‌ని అనుమానించండి. 2070 ÷ 287.9 చేస్తే 7.2 వస్తుంది, అది పోత ఇనుము సాంద్రతకు దగ్గర. అయితే సాంద్రత ఇంత తేడాగా ఉన్నప్పుడే ఇలా పట్టుకోగలం. మైల్డ్ స్టీల్‌కీ అల్లాయ్ స్టీల్‌కీ సాంద్రత దాదాపు ఒకటే, వాటిని బరువుతో వేరు చేయలేం.