వరిలో ఊద: ఆకు మడత చూస్తే చాలు

వరి మడిలో ఊద అనే కలుపు మొక్క చిన్నప్పుడు అచ్చం పైరులాగే ఉంటుంది. కలుపు తీసేవాళ్లు ఒక్కోసారి దాన్ని వదిలేసి వరినే పీకేస్తారు.

శ్రీకాళహస్తి దగ్గర మా మామయ్య మడిలో మనవడు పైనుంచి ఫొటో తీస్తే, ఫోనులో మొక్కల పేర్లు చెప్పే యాప్ ‘వరి’ అంది. తాత వంగి, "ఆకులు కాదురా అబ్బోడా, ఆకు మడత కాడ చూడు" అన్నాడు.

పూర్తిగా విచ్చుకున్న పై ఆకును పట్టుకుని, కాండం నుంచి మెల్లగా వెనక్కి వంచండి. ఆకు కాండాన్ని కలిసేచోట వరికి పల్చటి తెల్లపొర లేచి ఉంటుంది, రెండు పక్కలా నూగుతో చిన్న కొక్కేల్లాంటివి ఉంటాయి. ఊదకు రెండూ ఉండవు, నున్నగా ఉంటుంది. ఫోనుతోనే చూడాలనుకుంటే, వెనక వేలు పెట్టి ఆ మడతను దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూసుకోండి. ఫోను చెప్పే పేరు కంటే ఆ పొరే నమ్మకం. మనవడు అలా తీసిన ఫొటోలో పొర లేదు, ఊదే.

మూడు నాలుగు ఆకులు వచ్చాకే చూడండి. కింది ముదురాకుల్లో ఆ కొక్కేలు ఎండి రాలిపోతాయి. అడవి వరికి కూడా పొర ఉంటుంది కాబట్టి, దాని దగ్గర ఈ చిట్కా పనిచేయదు.